రూ.46,800 ఆదా... ఎవరికి?

జనవరి వచ్చిందంటే ఆఫీసుల్లో పెట్టుబడుల రుజువులు అడుగుతారు. సరిగ్గా అప్పుడే వాట్సాప్‌లో పోస్టర్లు మొదలవుతాయి. వాటిలో ఏటా కనిపించే అంకె ఒకటుంది. ‘‘లక్షన్నర పెట్టండి, రూ.46,800 పన్ను మిగుల్చుకోండి!’’

ఇది అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఆదాయపు పన్ను చట్టం 80సి కింద పాత విధానంలో లక్షన్నర దాకా మినహాయింపు దొరుకుతుంది. పది లక్షలు దాటిన ఆదాయం మీద పన్ను 30 శాతం, దానిపై 4 శాతం సెస్సు, వెరసి 31.2 శాతం. లక్షన్నరలో 31.2 శాతం అంటే రూ.46,800. అదే 20 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు మిగిలేది రూ.31,200. కొత్త విధానంలో ఉన్నవాళ్లకు పైసా మిగలదు, ఎందుకంటే అందులో 80సి లేనే లేదు. పైగా 2023-24 నుంచి, వేరే కోరుకోకపోతే, కొత్త విధానమే వర్తిస్తోంది.

హైదరాబాద్‌లో నెలకు లక్ష జీతం తీసుకునే ఉద్యోగిని ఊహించుకుందాం. మూలవేతనం రూ.50,000. వేరే మినహాయింపులేవీ లేవు. 2025-26లో పాత విధానం ఎంచుకుంటే స్టాండర్డ్ డిడక్షన్ రూ.50,000 పోగా ఆదాయం పదకొండున్నర లక్షలు, పన్ను రూ.1,63,800. 80సి కింద లక్షన్నర పూర్తిగా చూపిస్తే పన్ను రూ.1,17,000కు దిగుతుంది. తేడా అక్షరాలా రూ.46,800. పోస్టర్ నిజమే చెప్పింది. కానీ ఇదే మనిషి కొత్త విధానంలో ఉంటే రూ.75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోయి ఆదాయం పదకొండుంపావు లక్షలు అవుతుంది. పన్నెండు లక్షల లోపు కాబట్టి రిబేటు వర్తించి పన్ను సున్నా. అంటే రూ.46,800 ఆదా కోసం ఆయన లక్షా పదిహేడు వేలు కట్టాలన్నమాట!

ఇంటి అద్దె, గృహరుణ వడ్డీ లాంటివి గట్టిగా ఉండి పాత విధానమే లాభమనుకున్నా, ఇంకో మెలిక ఉంది. ఈయన జీతంలోంచి పీఎఫ్‌కు నెలకు రూ.6,000 పోతుంది, ఏడాదికి రూ.72,000. అది కూడా 80సి లెక్కలోదే. మిగిలిన చోటు రూ.78,000. దానిమీద దక్కే ఆదా, అదీ ఆదాయం 30 శాతం శ్లాబులోనే ఉంటే, రూ.24,336. పిల్లల స్కూలు ఫీజు కలిస్తే ఆ చోటు ఇంకా తగ్గుతుంది.

పెట్టుబడి సలహాదారుల ప్రకటనలకు సెబీ 2023 ఏప్రిల్‌లో ఒక నియమావళి ఇచ్చింది. గ్యారంటీ లాభాలన్న మాట, ఖాతాదారుల మెచ్చుకోళ్లు, ‘నంబర్ వన్’ లాంటి బిరుదులు, సెబీ లోగో, ఇవేవీ కుదరవు. సలహాదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు, మార్కెట్ రిస్కు హెచ్చరిక తప్పనిసరి. సెబీలో నమోదు కావడం లాభాలకు హామీ కాదన్న మాట కూడా ఉండాలి. వీటన్నిటికంటే పదునైన నిబంధన మరొకటి: ఏదైనా చెప్పకుండా వదిలేసి తప్పుదారి పట్టించడం కూడా తప్పే. షరతులు మింగేసిన 46,800 పోస్టర్ చిక్కుకునేది ఇక్కడే. ప్రకటనకు పర్యవేక్షక సంస్థ ముందస్తు ఆమోదమూ కావాలి. కాబట్టి మార్చి ఆఖరి వారంలో హడావిడిగా వండిన పోస్టర్ కనిపిస్తే కాస్త అనుమానించడం మంచిదే.

మరి నిజాయితీగా రాస్తే ప్రకటన ఎలా ఉంటుంది? ‘‘ఈ ఏడాది మీకు 80సి పెట్టుబడి అవసరమో లేదో ముందు లెక్కగట్టి చెబుతాం. కొత్త విధానంలో ఉంటే ఈ మినహాయింపు రాదు. ఈఎల్‌ఎస్‌ఎస్ ఫండులో డబ్బు మూడేళ్లు కదలదు, విలువ తగ్గే వీలుంది. మా ఫీజు ఇంత.’’ చివర రిజిస్ట్రేషన్ వివరాలు, హెచ్చరికలు. నెలనెలా సిప్ కట్టేవాళ్లకు ప్రతి వాయిదాకూ మూడేళ్ల గడువు విడిగా నడుస్తుందని చెబితే ఇంకా మేలు. ఏడాదిలో లక్షా పాతిక వేలు దాటిన లాభంపై 12.5 శాతం పన్ను ఉంది కాబట్టి, ఈ ఫండు లాభానికి ‘పన్నే లేదు’ అని రాయకూడదు.

ఇలా రాస్తే గిరాకీ తగ్గదా అని కొందరి బెంగ. సలహాదారు బతికేది ఖాతాదారు ఇచ్చే ఫీజు మీద, ఫండు అమ్మినందుకు వచ్చే కమీషన్ మీద కాదు. ‘మీకు ఇది అక్కర్లేదు’ అని చెప్పినా ఆయన ఫీజు ఆయనకు వస్తుంది. కమీషన్ మీద బతికే డిస్ట్రిబ్యూటర్‌కు ఆ వెసులుబాటు తక్కువ. పోస్టర్ ఎవరిదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు: సలహాదారు నంబరు INA అక్షరాలతో, మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్ నంబరు ARN అక్షరాలతో మొదలవుతాయి. డబ్బు పంపేముందు ఆ INA నంబరును సెబీ వెబ్‌సైట్లోని జాబితాలో ఒకసారి సరిచూసుకోండి.