దసరా పోస్టు ఆగస్టులో రాసేటప్పుడు

బెజవాడ ఇంద్రకీలాద్రి మీద 2024 దసరాల్లో అమ్మవారికి పది అలంకారాలు చేశారు. మరుసటి ఏడాది తిథి పెరగడంతో ఉత్సవాలు సెప్టెంబరు 22 నుంచి అక్టోబరు 2 దాకా పదకొండు రోజులు నడిచాయి. నాలుగో రోజు కాత్యాయనీ దేవి అలంకారం కొత్తగా వచ్చి చేరింది. ఒక రోజు పెరిగితే ఏమవుతుందిలే అనిపిస్తుంది గానీ, వరుస అక్కడి నుంచే మారిపోయింది. మొదటి ఏడాది ఏడో రోజున జరిగిన సరస్వతీ దేవి అలంకారం రెండో ఏడాది ఎనిమిదో రోజుకు వెళ్ళింది. నిరుటి పోస్టులకే తేదీలు మార్చి షెడ్యూల్ చేసేసిన దుకాణం పేజీలో, మూలా నక్షత్రానికి ఒక రోజు ముందే చదువుల తల్లికి దండాలు పెట్టేస్తారు. కింద కామెంట్లలో పంచాంగం తెలిసిన పెద్దలు ఊరుకుంటారా?

పండగ పోస్టులు నెల ముందే సిద్ధం చేసుకోవడం ఇప్పుడు చిన్న దుకాణాలకూ అలవాటైంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలకు మెటా బిజినెస్ సూట్ ఉచితంగా దొరుకుతుంది. బొమ్మ ఎక్కించి, నాలుగు మాటలు రాసి, తేదీ, సమయం ఇస్తే ఆ వేళకు అదే పోస్టవుతుంది. అది నేర్చుకోవడానికి అరగంట చాలు. అసలు చిక్కంతా పోస్టు తయారైన రోజుకీ జనం కంటపడే రోజుకీ మధ్య ఉన్న వారాల్లోనే. ఆ వ్యవధిలో మారేదేదో, మారనిదేదో ముందే విడదీసుకోవాలి.

బీసెంట్ రోడ్డులో ఒక రెడీమేడ్ దుస్తుల దుకాణం ఉందనుకుందాం. 2025 దసరాకు ఆగస్టు ఆఖరులో యజమాని, డిజైనరు కూర్చున్నారు. మొదట తేలాల్సింది ఏ పోస్టు ఎప్పుడు అన్నది. దాన్ని పండగ రోజు నుంచి వెనక్కి లెక్క వేయాలి. దర్జీలు పండగకు పది పదిహేను రోజుల ముందే కొత్త గుడ్డ తీసుకోవడం మానేస్తారు. కాబట్టి డ్రెస్ మెటీరియల్ పోస్టు సెప్టెంబరు మొదటి వారంలోనే రావాలి. కుట్టించే పని లేని కుర్తీలకు జీతాలు పడిన రెండు మూడు రోజులు మంచివి. పిల్లల బట్టలు మాత్రం ఆఖరి నిమిషం దాకా అమ్ముతాయి. వాటికి అక్టోబరు 1 సాయంత్రం కూడా ఆలస్యం కాదు. పండగ రోజున శుభాకాంక్షల బొమ్మ ఒక్కటి చాలు. ఆ పూట ధరల పట్టిక పెడితే ఎవరూ చదవరు.

ఇంతవరకూ బాగానే ఉంది. సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ కొత్త రేట్లు ప్రకటించింది. అవి అమల్లోకి వచ్చింది సెప్టెంబరు 22న, అంటే సరిగ్గా నవరాత్రుల మొదటి రోజున. రెడీమేడ్ దుస్తుల్లో 2,500 రూపాయల దాకా పన్ను 5 శాతం, ఆపైన 18 శాతం అయింది. అంతకుముందు వెయ్యి దాటిన వాటన్నిటికీ 12 శాతం ఉండేది. మన దుకాణంలో పన్ను కలపకముందు 2,000 ఉన్న కుర్తీ సెట్టు 2,240 నుంచి 2,100కు దిగింది. 4,000 ఉన్న లెహంగా 4,480 నుంచి 4,720కి ఎక్కింది. ఆగస్టులో చేసిన బొమ్మల మీద పాత ధరలు పెద్దక్షరాల్లో ఉన్నాయి. బొమ్మ చూసి వచ్చిన ఆమె కౌంటరు దగ్గర 240 రూపాయలు ఎక్కువ ఎందుకివ్వాలని నిలదీస్తే, రేటు మారిందమ్మా అని చెప్పి ఒప్పించడం కష్టం.

అందుకే ధర, తేదీ, ఆఫరు గడువు బొమ్మ మీదికి ఎక్కకూడదు. అవి పక్కన రాసే మాటల్లోనే ఉండాలి. ప్లానర్‌లో ఆ పోస్టు తెరిస్తే మాటల్నీ, సమయాన్నీ ఫోన్లోనే మార్చేసుకోవచ్చు. బొమ్మలో అంకె మారాలంటే డిజైనరు దొరకాలి, ఆ అబ్బాయి పండగ సీజన్లో ఫోనెత్తాలి! శుభాకాంక్షల బొమ్మ మీద కూడా ‘దీపావళి శుభాకాంక్షలు’ అని ఉంటే సరిపోతుంది, తేదీ అక్కర్లేదు. 2024లో అమావాస్య అక్టోబరు 31 మధ్యాహ్నం మొదలై నవంబరు 1 సాయంత్రం దాకా ఉండటంతో పండగ ఏ రోజన్న వాదన దేశమంతా నడిచింది. తెలుగు రాష్ట్రాలు 31నే చేసుకున్నాయి. తేదీ లేని బొమ్మ ఉన్నవాళ్ళు సమయం మార్చుకుని ఊరుకున్నారు.

ఇక బొమ్మలోని తెలుగు సంగతి. ఫోటోషాప్‌లో తెలుగు టైపు చేస్తే ‘శుభాకాంక్షలు’లో క్ష విడిపోయి, కకు పొల్లు, పక్కన ష అని రావడం చాలా పేజీల్లో చూస్తుంటాం. తప్పు ఫాంటుది కాదు. టైప్ సెట్టింగుల్లో `World-Ready Layout` ఎంచుకుంటే వత్తులు తమ చోట కూర్చుంటాయి. అను ఫాంట్లకు అలవాటుపడిన వాళ్ళకు ఇంకో బెడద ఉంది. బొమ్మలో అక్షరాలు అందంగానే వస్తాయి, అదే వాక్యాన్ని కాపీ చేసి పోస్టు మాటల్లో పెడితే మాత్రం గుర్తుపట్టలేని అక్షరాలు పడతాయి. అక్కడ యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేయాల్సిందే. రామభద్ర, మండలి, మల్లన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి కాబట్టి బొమ్మకూ వాటినే వాడితే రెండుసార్లు కొట్టే పని తప్పుతుంది. పూర్తయిన బొమ్మను తయారు చేయని మనిషి చేత, ఫోన్లో, పైకి చదివించాలి. చేసినవాళ్ళ కంటికి తమ తప్పు ఆనదు.

సైజు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పోస్టుకు 1080×1350, స్టోరీకి 1080×1920 పిక్సెళ్ళు. స్టోరీలో పైనా కిందా కాస్త జాగా ఖాళీగా వదలకపోతే దుకాణం పేరు మీదే బటన్లు వచ్చి కూర్చుంటాయి.

షెడ్యూల్ చేశాక అలారాలు పెట్టుకోవాలి. ఇవి రెండు రకాలు. ఒకటి, పోస్టు వెళ్ళాల్సిన సమయానికి పది నిమిషాల తర్వాతిది, వెళ్ళిందో లేదో చూసుకోవడానికి. పాస్‌వర్డు మార్చినప్పుడో, ఇన్‌స్టాగ్రామ్‌కూ పేజీకీ లంకె తెగినప్పుడో పోస్టు ఆగిపోతుంది. పండగ హడావుడిలో ఆ నోటిఫికేషను ఎవరూ చూడరు. పొద్దున ఆరింటికి అనుకుని సాయంత్రం ఆరు పెట్టడం కూడా ఇక్కడే బయటపడుతుంది. రెండోది, చేత్తోనే చేయాల్సిన వాటి కోసం. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో స్టేటస్ ఆ పూట మనమే పెట్టాలి, అది ఉండేది 24 గంటలే. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి మించి పట్టరు, వాళ్ళలోనూ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే సందేశం చేరుతుంది. కాబట్టి బిల్లు రాసేటప్పుడే ‘నంబరు సేవ్ చేసుకోండి’ అని చెప్పే పని సెప్టెంబరులోనే మొదలుకావాలి.

ఇంకో అలారం రోజూ పొద్దున్నే మోగాలి. అది పేపరు చూసి, ఆ రోజు పోస్టు వెళ్ళనివ్వాలా వద్దా అని తేల్చుకోవడానికి. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుపానుల కాలం. 2025లో దీపావళి అయిన ఎనిమిదో రోజు రాత్రి మొంథా తుపాను కోస్తాలో తీరం దాటింది. ఇళ్ళలో నీళ్ళు నిలిచిన ఊళ్ళలో కార్తీక మాసం ఆఫర్ల పోస్టు టైముకు ఠంచనుగా వచ్చిందంటే, దాన్ని యంత్రం పెట్టిందని ఎవరూ అనుకోరు, దుకాణం వాళ్ళను తిట్టుకుంటారు. అలాంటప్పుడు ప్లానర్‌లో ఆ వారం పోస్టులన్నీ డ్రాఫ్టులోకి లాగేయాలి, లేదా పది రోజులు ముందుకు జరపాలి. ఆ పని చేయగల అనుమతి డిజైనరుకు ఒక్కడికే ఉంటే లాభం లేదు. ఊళ్ళో ఉండే ఇంకొకరికి పేజీలోకి వెళ్ళే హక్కు ఇచ్చి, ఒకసారి ఎవరూ చూడని డ్రాఫ్టు మీద ఆపడం, జరపడం చేయించి చూసుకోవాలి. కరెంటు పోయి, ఫోన్లో పదిహేను శాతం చార్జింగ్ మిగిలినప్పుడు ఆ బటన్ ఎక్కడుందో వెతుక్కునే తీరిక ఉండదు.