జిల్లా మీట్‌కు ముందు పది రోజులు

పోటీ దగ్గరపడే కొద్దీ శిక్షణ భారాన్ని లెక్క ప్రకారం తగ్గిస్తూ రావడాన్ని టేపరింగ్ అంటారు. కఠినమైన సాధన శరీరంలో రెండు పనులు చేస్తుంది. సామర్థ్యాన్ని పెంచుతుంది, అలసటనూ పోగేస్తుంది. పెరిగిన సామర్థ్యం వారాల తరబడి నిలుస్తుంది; అలసట మాత్రం కొద్ది రోజుల్లోనే తీరిపోతుంది. అలసట చాలావరకు తీరి, సామర్థ్యం ఇంకా తరగని ఆ కొన్ని రోజుల్లో పోటీ పడేలా చూడటమే టేపరింగ్ ఉద్దేశం. ఈ వ్యవధిలో కండరాల్లోని చిన్న చిన్న గాయాలు మానుతాయి, గ్లైకోజెన్ నిల్వలు నిండుతాయి.

ఏది తగ్గించాలన్న దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. తగ్గాల్సింది పరుగెత్తే దూరం, వేగం కాదు. అమెరికాలో హిక్సన్ బృందం 1980లలో చేసిన ప్రయోగాలు దీన్ని తేల్చాయి. పది వారాలు గట్టిగా శిక్షణ పొందినవాళ్లలో కొందరు రోజుకు 40 నిమిషాల సాధనను తీవ్రత తగ్గకుండా 13 నిమిషాలకు కుదించుకున్నా, ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ శక్తి పదిహేను వారాలదాకా దాదాపు అలాగే ఉంది. సమయం మార్చకుండా తీవ్రతను తగ్గించుకున్నవాళ్లలో అది పడిపోయింది. పెద్ద స్థాయి క్రీడాకారులు సాధారణంగా రెండు వారాలపాటు దూరాన్ని 40 నుంచి 60 శాతం దాకా తగ్గిస్తారు. బడి పిల్లలు మోసే భారమే తక్కువ కాబట్టి వాళ్లకు వారం, పది రోజులు చాలు.

తొమ్మిదో తరగతి అమ్మాయి 800 మీటర్లు 2 నిమిషాల 40 సెకన్లలో పరుగెడుతుందనుకుందాం. అంటే 400 మీటర్లకు 80 సెకన్లు, 200కు 40. వారానికి ఆరు రోజుల్లో మొత్తం 28 కిలోమీటర్ల సాధన ఆమెకు అలవాటు. మీట్ శనివారం. దానికి పది రోజుల ముందు, బుధవారం, చివరి గట్టి వర్కౌట్: మూడేసి నిమిషాల విరామంతో 84 సెకన్ల చొప్పున ఐదు 400లు. గురువారం తేలిక జాగింగ్. శుక్రవారం 60 సెకన్ల చొప్పున మూడు 300లు, శనివారం మళ్లీ జాగింగ్, ఆదివారం విశ్రాంతి.

పోటీ వారంలో, సోమవారం 40 సెకన్ల చొప్పున నాలుగు 200లు, మధ్యలో మూడు నిమిషాల నడక. మంగళవారం పావుగంట జాగింగ్. బుధవారం ఒక 400ను 80 సెకన్లలో, బాగా విరామం ఇచ్చి రెండు 200లు. ఇంకో రెండు పరుగెత్తగలనని ఆమే అడుగుతుంది, అక్కడే ఆపేయాలి. గురువారం పూర్తి విశ్రాంతి. శుక్రవారం వార్మప్, ఎనభై మీటర్ల వేగపు పరుగులు నాలుగు, అంతే. వార్మప్‌లతో కలిపినా ఈ ఐదు రోజుల్లో పరుగు సుమారు పది కిలోమీటర్లు, అంటే మామూలులో సగం కంటే తక్కువ. వేగం మాత్రం ఎక్కడా పోటీ వేగం కంటే తగ్గలేదు.

ఈ ప్రణాళికను ఎక్కువగా చెడగొట్టేది పెద్దవాళ్ల ఆత్రుతే. బుధ, గురువారాల్లో పీఈటీ సారు స్టాప్‌వాచ్ పట్టుకుని పూర్తి 800 ట్రయల్ పెడతారు. పోటీ రోజు ఖర్చు కావాల్సిన బలం బడి మైదానంలోనే ఖర్చయిపోతుంది. మూడు రోజుల ముందు చేసిన కఠిన సాధనతో కొత్త సామర్థ్యం రాదు. అలసట ఒక్కటే మిగులుతుంది. దీనికి పూర్తి విరుద్ధమైన పొరపాటు వారమంతా పరుగే మాన్పించడం. అలా ఆపితే కొద్ది రోజుల్లోనే రక్తంలోని ప్లాస్మా పరిమాణం తగ్గడం మొదలవుతుంది, కాళ్లు పోటీ వేగపు లయను మరిచిపోతాయి. ఇలా వచ్చిన పిల్లలు మొదటి 200 మీటర్లు అతివేగంగా వెళ్లి, 500 దగ్గర నీరసించిపోవడం తరచూ కనిపిస్తుంది.

టేపరింగ్ సరిగ్గా నడుస్తోందో లేదో సోమవారం 200లే చెబుతాయి. నాలుగోది కూడా మొదటిదంత తేలికగా, అదే సమయంలో పూర్తయితే అంతా సవ్యంగా ఉన్నట్టే. సమయం 42, 43కు జారితే, నిద్ర లేవగానే చూసిన నాడి రోజూ కంటే నిమిషానికి ఏడెనిమిది సార్లు ఎక్కువగా ఉంటే, అలసట ఇంకా తీరలేదనో జ్వరమో జలుబో రాబోతోందనో అనుకోవాలి. అప్పుడు బుధవారం 400ను తీసేయడం మేలు. మొదటి రెండు మూడు రోజులు కాళ్లు బరువుగా ఉన్నాయని పిల్లలు అంటే మాత్రం కంగారు పడనక్కర్లేదు. గ్లైకోజెన్‌తోపాటు నీరూ నిలుస్తుంది కాబట్టి బరువు కాస్త పెరగడం కూడా మామూలే.

మండల స్థాయి పోటీకి ఇంత తగ్గింపు అవసరం లేదు; ముందు రోజు విశ్రాంతి ఇచ్చి, మిగతా సాధన యథాతథంగా కొనసాగించవచ్చు. ప్రతి పోటీకీ భారం దించుతూ పోతే సామర్థ్యం పెరిగే వారాలే మిగలవు. జిల్లా మీట్ ప్రకటన వచ్చాక మూడు వారాల ముందు మాత్రమే సాధన మొదలుపెట్టిన పిల్లలకు టేపరింగ్ వల్ల ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు. దించడానికి వాళ్ల మీద భారమే లేదు. చివరి రెండు రోజులు తేలికగా గడిపి, మిగతా రోజులన్నీ సాధనకే వాడుకోవడం వాళ్లకు లాభం.