ఫోన్ పోతే పాస్‌కీ కూడా పోయినట్టేనా?

పాస్‌కీ పెట్టుకున్నప్పుడు ఫోన్ రెండు తాళంచెవులు తయారుచేస్తుంది. ఒకటి వెబ్‌సైట్‌కు వెళుతుంది, రెండోది ఆ సైట్‌కు ఎన్నడూ చేరదు. వేలిముద్ర వేయగానే, సైట్ పంపిన కొత్త సవాలుపై ఫోన్ ఆ రహస్య కీతో సంతకం చేస్తుంది. సైట్ చిరునామాలో ఒక్క అక్షరం మారినా పాస్‌కీ పలకదు. దొంగ సైట్‌లో పొరపాటున కొట్టేయడానికి పాస్‌వర్డే ఉండదు.

మరి ఆండ్రాయిడ్ ఫోన్ బస్సులో జారిపోతే?

గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచిన పాస్‌కీలకు గూగుల్ కూడా చదవలేని నకలు ఉంటుంది. కొత్త ఫోన్‌లో గూగుల్ ఖాతా తెరిచి, పాత ఫోన్ స్క్రీన్ లాక్ పిన్ గానీ, మేనేజర్‌కు పెట్టుకున్న పిన్ గానీ కొడితే అవి తిరిగొస్తాయి. అసలు చిక్కు ఆ ఖాతా తెరవడంలోనే ఉంది. ఓటీపీ వచ్చే సిమ్ కూడా ఫోన్‌తోనే పోతే, ముందు డూప్లికేట్ సిమ్ తెచ్చుకోవాలి. అందుకే ఇంట్లో ఇంకొకరి నంబరును రికవరీకి ఇచ్చి ఉంచడం మేలు. స్క్రీన్ పిన్ తెలియని దొంగకు పాస్‌కీ లొంగదు. అయినా ఖాతా సెట్టింగుల్లోంచి పాత ఫోన్‌ను వెంటనే తొలగించాలి.