సెలవులో పాత మేనేజరు, గుమ్మంలో కొత్త మేనేజరు

అకౌంట్ మేనేజరంటే లెక్కలు రాసే మనిషి కాదు. కంపెనీ తరఫున కొందరు క్లయింట్ల ఆర్డర్లు, ధరలు, ఫిర్యాదులు, బకాయిలు అన్నీ చూసుకునే ఉద్యోగి. ఆ ఉద్యోగి నెలల తరబడి సెలవులో ఉంటే ఆ క్లయింట్లకు మరొకరిని పరిచయం చెయ్యాలి. ఇలాంటి సెలవుల్లో ముందుగా తెలిసేది ప్రసూతి సెలవు. 2017 చట్ట సవరణతో ఇద్దరు బిడ్డల వరకు అది 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. అందులో 8 వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అయితే కాన్పు డాక్టరు చెప్పిన తేదీకే అవుతుందన్న హామీ లేదు. అందుకని అప్పగింతలు సెలవుకు రెండు వారాల ముందే ముగిసేలా చూసుకోవడం క్షేమం.

హైదరాబాద్ శివార్లలో మందుల కంపెనీలకు అట్టపెట్టెలు అచ్చువేసే ఒక ప్రెస్ ఉందనుకుందాం. దాని మేనేజరు చేతిలో ముప్పై మంది క్లయింట్లున్నా, సగానికి పైగా వ్యాపారం నలుగురిదే. ఈ నలుగురి దగ్గరికి స్వయంగా వెళ్లాలి. మిగతావాళ్లకు ఒక మెయిలు, ఒక ఫోను చాలు. అందరికీ ఒకే మర్యాద చెయ్యబోతే ఎవరికీ సరిగా జరగదు.

పరిచయానికి ముందు జరగాల్సిన పని ఒకటుంది. ఫైల్లో లేనిదంతా కాగితం మీదికి రావాలి. ఆర్డర్లు, ఇన్‌వాయిస్‌లు కంప్యూటర్లో ఎలాగూ ఉంటాయి. పాత మేనేజరు బుర్రలో ఉండేవి వేరు. ఒప్పందంలో చెల్లింపు గడువు 30 రోజులని ఉన్నా, ఒక క్లయింటు ప్రతి నెలా పదో తేదీనే చెక్కులు విడుదల చేస్తాడు. నాలుగు రోజులు ఆలస్యమైతే ఫోన్ చెయ్యొద్దని నోటిమాట. ఇంకో చోట ఆర్డరు ఇచ్చేది పర్చేజ్ విభాగమే అయినా, సరుకు తీసుకోవాలా తిప్పి పంపాలా అన్నది క్వాలిటీ విభాగం తేలుస్తుంది.

ఈ వ్యాపారంలో షేడ్ కార్డు అని ఒకటుంది. పెట్టె మీద రంగు ఎంత లేతగా, ఎంత ముదురుగా ఉండొచ్చో చూపే నమూనాల మీద క్లయింటు సంతకం పెట్టి ఇస్తాడు. దానికి గడువుంటుంది. సెలవు మూడో నెలలో ఆ గడువు తీరుతుందని పాత మేనేజరు చెప్పకపోతే, కొత్తవాడు పాత కార్డు చూసి లక్ష పెట్టెలు అచ్చు వేయిస్తాడు. తిప్పి పంపిన లారీ గేటు దగ్గరికి వచ్చాకే సంగతి తెలుస్తుంది.

సెలవు కబురు క్లయింటుకు మొదట పాత మేనేజరు నోటి నుంచే అందాలి, అదీ ఫోన్లో. ఆ తర్వాతే మెయిలు. సెలవు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఆ రోజుల్లో ఎవరితో మాట్లాడాలి, ఆ మనిషి దొరక్కపోతే పైన ఎవరు అన్నవి అందులో ఉంటే సరిపోతుంది. సెలవెందుకో చెప్పడం, చెప్పకపోవడం ఆమె ఇష్టం. ఆమెను అడగకుండా కంపెనీ బయటపెట్టకూడదు.

తర్వాత ముగ్గురూ కూర్చునే సమావేశం. అక్కడ పాత మేనేజరు నోటిమాటల జాబితాను క్లయింటు ముందే చదవాలి: ‘‘మనం అనుకున్నవి ఇవీ, ఏమైనా మరిచానా?’’ ఈ ప్రశ్న వేయకుండా చేసిన పరిచయం విజిటింగ్ కార్డులు మార్చుకోవడంతో సమానం. ఇక్కడ తేలని మాట తర్వాత ‘‘మేడమ్ ఒప్పుకున్నారు’’ అంటూ వస్తుంది, కాదనడానికి ఆధారం ఉండదు. సమావేశం తర్వాత కనీసం ఒక ఆర్డరును మొదటి నుంచి చివరిదాకా కొత్త మేనేజరే నడపాలి. పాతవారు మెయిళ్లలో కాపీగా ఉంటారు గాని జవాబివ్వరు. కష్టమైన భాగం ఈ ఊరుకోవడమే.

పరిచయం అతకలేదని తెలియడానికి గుర్తులుంటాయి. క్లయింటు ఇంకా పాత మేనేజరు వాట్సాప్‌కే మెసేజీలు పెడుతుంటాడు, కొత్త మేనేజరుకు విషయం అంతా అయ్యాక తెలుస్తుంది. నంబరు కంపెనీదైతే సిమ్ అప్పగిస్తే సరి. సొంత నంబరైతే సెలవు సందేశంలో కొత్త నంబరు పెట్టి, వచ్చిన మెసేజీకి అదే పంపాలి. పాపం అని ఒక్కసారి జవాబిస్తే సెలవంతా ఇవ్వాల్సి వస్తుంది. ధరల పెంపు వంటి చేదు కబురుంటే పాత మేనేజరు ఉండగానే చెప్పడం నయం. కొత్త ముఖంతో పాటే కొత్త ధర వెళ్తే రెండూ కలిసి చెడ్డవవుతాయి.

ప్రమాదమో జబ్బో అయి సెలవు హఠాత్తుగా వస్తే ముగ్గురి సమావేశానికి వీలుండదు. అప్పుడు పై అధికారి వెంట వెళ్లి, జాబితాను క్లయింటునే అడిగి రాసుకోవాలి. చెప్పినవన్నీ అక్కడికక్కడే ఒప్పుకోకుండా, పాత మెయిళ్లతో సరిచూసి వారంలో రాతపూర్వకంగా ఖరారు చెయ్యాలి.

ఏర్పాటు తాత్కాలికమా కాదా అన్నది మొదటి రోజే క్లయింటుకు తెలియాలి. ఆరు నెలల అమ్మకాల ఇన్సెంటివ్ ఎవరిదో కంపెనీ లోపల ముందే రాసి పెట్టుకోవాలి. లేకపోతే పాతవారు తిరిగొచ్చాక క్లయింటును వదలడానికి కొత్తవారు ఇష్టపడరు. తిరుగు అప్పగింతలోనూ ముగ్గురే కూర్చుంటారు; ఈసారి జాబితా చదివేది కొత్త మేనేజరు.