మరుపు నిజమేనా? యాభై బొమ్మలు చెప్పేదెంత?

ఒక కేసు ఊహించుకుందాం. అమెరికాలో ఉంటున్న 38 ఏళ్ల తెలుగు ఇంజినీరు కారును సిగ్నల్ దగ్గర వెనుకనుంచి మరో కారు గుద్దింది. తల సీటుకు తగిలింది, కొన్ని క్షణాలు కళ్లు తిరిగాయి. ఆసుపత్రిలో తీసిన స్కాన్‌లో ఏమీ లేదు. ఏడాదిన్నర తరువాత ఆయన నష్టపరిహారం కోసం కోర్టుకెళ్లాడు. ఏదీ గుర్తుండడం లేదని, ఉద్యోగం చేయలేకపోతున్నానని ఆయన వాదన. ఇప్పుడు న్యూరోసైకాలజిస్టు ఒక రోజంతా కూర్చోబెట్టి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, ఆలోచన వేగం పరీక్షించాలి.

ఈ పరీక్షలకు ఒక పెద్ద బలహీనత ఉంది. రక్త పరీక్షలో చక్కెర ఎంతుందో రోగి మార్చలేడు. జ్ఞాపకశక్తి పరీక్షలో మాత్రం తెలిసిన జవాబును కూడా తెలియదని చెప్పవచ్చు. చూసి పట్టేద్దామంటే అనుభవజ్ఞుల కళ్లు కూడా అందుకు చాలవు. 1978లో రాబర్ట్ హీటన్, ఆయన సహచరులు నిజమైన తలగాయం ఉన్నవారి మార్కులనూ, గాయం ఉన్నట్టు నటించమని చెప్పినవారి మార్కులనూ కలిపి నిపుణులకు ఇచ్చారు. కొందరి తీర్పు గుడ్డిగా ఊహించినదానికి సమానంగానే ఉంది. మిగిలినవారు కూడా అంతకంటే ఎంతో మెరుగ్గా చెప్పలేకపోయారు.

అందుకే పెర్ఫార్మెన్స్ వాలిడిటీ టెస్టులు పుట్టుకొచ్చాయి. జ్ఞాపకశక్తి ఎంతుందో కొలవడం వీటి పని కాదు. మిగతా పరీక్షల్లో వచ్చిన మార్కులను నమ్మవచ్చో లేదో ఇవి చెబుతాయి. వీటిలో బాగా పేరున్నది టామ్ టామ్‌బా రూపొందించగా 1996లో వచ్చిన ‘టోమ్’.

అది ఇలా సాగుతుంది. యాభై గీత బొమ్మలను ఒక్కొక్కటి మూడు క్షణాలపాటు చూపిస్తారు. తరువాత రెండేసి బొమ్మలు పక్కపక్కన పెడతారు. ఒకటి ఇంతకుముందు చూసినది, ఒకటి కొత్తది. చూసినదేదో చెప్పాలి. జవాబు తప్పయితే అక్కడికక్కడే చెబుతారు. మళ్లీ అవే యాభై బొమ్మలు చూపించి మళ్లీ అడుగుతారు. కావాలంటే కాసేపయ్యాక, బొమ్మలు చూపించకుండా మూడోసారి కూడా అడుగుతారు.

యాభై బొమ్మలంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. కానీ పరీక్ష కనిపించేంత కష్టం కాదు, దాని బలమంతా ఆ తేడాలోనే ఉంది. చూసిన బొమ్మను గుర్తుపట్టడంలో మనిషి మెదడు అసాధారణమైనది. 1967లో రోజర్ షెపర్డ్ 612 చిత్రాలు చూపించి, ఇలాగే జతలుగా అడిగితే, జనం నూటికి 95కి పైగా సరిగ్గా చెప్పారు. తలకు తీవ్రమైన గాయమై, మాటలు వెతుక్కునే రోగులు సైతం టోమ్ రెండో విడతలో సాధారణంగా 45 దాటేస్తారు. డిప్రెషన్ ఉన్నవారూ, దీర్ఘకాలిక నొప్పితో ఉన్నవారూ కూడా దాటుతారు. అందుకే 45కు తగ్గితే అనుమానించాలి. చిన్న దెబ్బ తగిలిన మనిషికి, పెద్ద దెబ్బ తగిలినవాళ్లకంటే తక్కువ మార్కులెందుకు రావాలి?

ఇంకా కింద మరో గీత ఉంది. కళ్లు మూసుకుని బొమ్మలను వేలితో చూపించినా యాభైకి సుమారు 25 సరైనవి తగులుతాయి. 17గానీ అంతకంటే తక్కువగానీ రావడం నూటికి రెండుసార్లు కూడా జరగదు. 12 వస్తే, అది యాదృచ్ఛికంగా జరిగే అవకాశం పదివేలలో రెండు సార్లకు మించదు. అన్ని తప్పులు చేయాలంటే సరైన జవాబు తెలిసి ఉండాలి. ఇదే తర్కాన్ని 1975లో లోరెన్ పాంక్రట్జ్ బృందం చెవుడు ఉందంటున్న రోగుల విషయంలో వాడింది. అయితే ఇంత కిందికి పడేవారు అరుదు. ఎక్కువమంది అనుమానితుల మార్కులు 25కూ 45కూ మధ్యనే ఉంటాయి, అసలు చిక్కంతా అక్కడే.

మన ఇంజినీరుకు రెండో విడతలో 33, చివర 31 వచ్చాయనుకుందాం. ఇక్కడితో ఆగి “నటిస్తున్నాడు” అని రాసేయడం దారుణమైన తప్పు. గీత ఎక్కడ గీసినా దానికింద నిజాయతీపరులు కొందరు పడతారు. సాధారణంగా నిజమైన రోగుల్లో పదిమందిలో ఒకరికి మించి అన్యాయం జరగకుండా గీతలు గీస్తారు. ఆ పదో వ్యక్తి మన ఎదురుగా ఉన్నవారే కావచ్చు. అందుకే ఒకటికి మించి, వేర్వేరు రకాల పరీక్షల్లో విఫలమైతేనే నిర్ధారణకు వస్తారు. లెక్కకు మించి పరీక్షలు పెట్టినా ప్రమాదమే. ఇరవై పెడితే ఒకట్రెండింటిలో ఎవరైనా తప్పుతారు.

రెండో సాక్ష్యం కొన్నిసార్లు మామూలు పరీక్షల లోపలే దాగి ఉంటుంది. పదహారు మాటల జాబితా చదివి, గుర్తున్నవి చెప్పమంటారు. చివర్లో ఆ మాటలను ఒక్కొక్కటిగా ఒక కొత్త మాట పక్కన పెట్టి, ఏది విన్నారో అడుగుతారు. దాదాపు అందరికీ పదిహేనో పదహారో వస్తాయి. ఈయనకు పదకొండే వచ్చాయి. పైగా అంతకుముందు తన నోటితో చెప్పిన రెండు మాటలను ఇప్పుడు గుర్తుపట్టలేదన్నాడు. కేవలం మార్కు తగ్గడం కంటే ఇది చాలా బలమైన ఆధారం. ఏ గాయమైనా తిరిగి చెప్పగలిగిన మాటను గుర్తుపట్టకుండా చేయడం కష్టం.

అంకెల పరీక్ష వేరే కథ. “3-8-1-5” అని వినిపించి అదే వరసలో చెప్పమంటారు, తరువాత వెనుకనుంచి చెప్పమంటారు. ప్రతి పొడవుకూ రెండు వరసలుంటాయి. రెండూ తప్పులేకుండా చెప్పిన అతి పెద్ద పొడవును ముందు వరసకూ వెనుక వరసకూ తీసుకుని కలుపుతారు. మొత్తం ఏడుగానీ ఆరుగానీ దాటకపోతే అనుమానిస్తారు. ఇంజినీరుకు నాలుగూ రెండూ కలిపి ఆరు వచ్చింది. మూడో దెబ్బ పడినట్టేనా? ఆయన మనసులో అంకెలను తెలుగులో చెప్పుకుంటున్నాడేమో అడగాలి. ఇంగ్లిష్‌లో ఒకటినుంచి తొమ్మిదిదాకా ఒక్క సెవెన్ తప్ప అన్నీ ఏక అక్షర శబ్దాలే. తెలుగులో ఏదీ రెండక్షరాలకు తగ్గదు, ఎనిమిది నాలుగు. పలకడానికి ఎక్కువసేపు పట్టే అంకెలు మనసులో తక్కువ నిలుస్తాయని 1980లో ఎల్లిస్, హెన్నెల్లీ వెల్ష్, ఇంగ్లిష్ రెండు భాషలూ వచ్చినవారిపై చూపించారు. ఇంగ్లిష్ మాతృభాషవారి గీతను తెలుగువారికి అలాగే అంటగట్టకూడదు. చదువు తక్కువైన మనిషికి ఈ అన్యాయం మరీ పెరుగుతుంది. మేధోవైకల్యం లేదా డిమెన్షియా ఉన్నవారు నిజాయతీగానే ఈ పరీక్షల్లో చాలావాటిలో తప్పవచ్చు. జాగ్రత్తగల నిపుణుడు ఈ అంకెల మార్కును పక్కనపెడతాడు. బొమ్మల పరీక్షకు భాషతో పెద్దగా పని లేదు గనుక దాన్ని ఉంచుతాడు.

మరి కోర్టుకు ఇచ్చే నివేదికలో ఏం రాయాలి? ఈ రోజు వచ్చిన తక్కువ మార్కులు ఆయన అసలు సామర్థ్యాన్ని చూపడం లేదని రాయవచ్చు. ఎక్కువ మార్కులు మాత్రం చెల్లుతాయి, ఎందుకంటే ఉన్నదానికంటే ఎక్కువ శక్తిని ఎవరూ నటించలేరు. కావాలనే తగ్గించాడని చెప్పాలంటే మరిన్ని ఆధారాలు కావాలి. కారు నడుపుతున్నాడా, ఇంటి లెక్కలు చూసుకుంటున్నాడా, చెప్పే కథ రోజురోజుకూ మారుతోందా అని చూడాలి. 1999లో స్లిక్, షెర్మన్, ఐవర్సన్ ఇచ్చిన ప్రమాణాలు కూడా నటన అనే మాటకు ముందు డబ్బులాంటి లాభం, పరీక్షల సాక్ష్యం కలిసి ఉండాలంటాయి. వేరే మానసిక లేదా మెదడు కారణాలతో ఆ ప్రవర్తన పూర్తిగా వివరించదగినది కాకూడదని కూడా అంటాయి. భయంతోనో, తన బాధను ఎవరూ నమ్మరన్న ఆందోళనతోనో ఎక్కువ చేసి చూపేవారున్నారు. వాళ్లకు నిజంగా గాయం కూడా ఉండవచ్చు. పరీక్ష చెల్లలేదంటే గాయం లేదని అర్థం కాదు. ఆ రోజు దాన్ని కొలవలేకపోయామని మాత్రమే నిపుణుడు కోర్టుకు చెప్పగలడు.