తొమ్మిది పళ్లు తూచి రెండు వేల పళ్ల లెక్క

పెళ్లి భోజనాలకని మా బాబాయి రెండు వేల బంగినపల్లి పళ్లు లెక్కన బేరమాడాడు. "సగటున పండు 400 గ్రాములు తూగుతుందండీ" అన్నాడు వ్యాపారి. అన్నీ తూచే ఓపిక ఎవరికుంది? ట్రేలకు నంబర్లు వేసి, చీటీలు తీసి, వచ్చిన తొమ్మిది ట్రేలలోంచి చూడకుండా ఒక్కో పండు తీయించాను. కాటా మీద ఇలా తూగాయి: 360, 335, 392, 348, 375, 320, 355, 380, 330.

సగటు 355. కానీ వేరే తొమ్మిది చేతికొస్తే 348 రావచ్చు, 362 రావచ్చు. అందుకని ఒక్క అంకెతో సరిపెట్టకుండా అటూ ఇటూ కొంత చోటు వదలాలి. ఎంత?

ప్రతి పండూ సగటుకు ఎంత దూరమో చూసి, ఆ తేడాల వర్గాలు కూడి, ఎనిమిదితో (తొమ్మిదిలో ఒకటి తక్కువ) భాగించి వర్గమూలం తీస్తే 24.3 గ్రాములు. ఇది పండుకూ పండుకూ ఉండే తేడా. సగటు ఇంతగా ఊగదు, పెద్ద పండు కలిపినదాన్ని చిన్న పండు లాగేస్తుంది కదా. తొమ్మిదికి వర్గమూలం 3 కనుక, 24.3ను దానితో భాగిస్తే 8.1. సగటు ఊగేది ఈ మేరకే.

దీన్ని 2.306తో హెచ్చవేయాలి. నమూనా పెద్దదైతే 1.96 చాలు. తొమ్మిది పళ్లతో ఆ 24.3 కూడా అంచనాయే కాబట్టి చోటు కాస్త ఎక్కువ వదలాలి. డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి విలియం గోసెట్ 1908లో 'స్టూడెంట్' అన్న మారుపేరుతో రాసిన వ్యాసమే ఈ సవరణకు మూలం. హెచ్చవేస్తే 18.7. అంటే 336 నుంచి 374 దాకా. ఇదే 95 శాతం విశ్వాస అంతరం. 400 దాని బయటే ఉండిపోయింది.

"అయితే నూటికి 95 పళ్లు ఈ మధ్యే తూగుతాయన్నమాట" అన్నాడు బాబాయి. పై జాబితా మళ్లీ చూడండి. తొమ్మిదిలో మూడే ఆ మధ్య ఉన్నాయి! అంతరం చెప్పేది మొత్తం సరుకు సగటు గురించి, విడి పళ్ల గురించి కాదు.

రెండో పొరపాటు చదువుకున్నవాళ్లూ చేస్తారు: "అసలు సగటు 336, 374 మధ్య ఉండే అవకాశం 95 శాతం" అంటారు. జాతరలో రింగులాట తలుచుకోండి. పాతిన కర్ర కదలదు, కదిలేది రింగే. రెండు వేల పళ్ల సగటు ఆ కర్ర. ఇలాగే వందసార్లు తొమ్మిదేసి పళ్లు తూచి వంద అంతరాలు వేస్తే, దాదాపు 95 కర్రను చుట్టుకుంటాయి. ఆ 95 విసిరే పద్ధతికి చెందిన అంకె. మనం వేసిన రింగు ఇప్పటికే పడిపోయింది, కర్రకు తగులుకుందో లేదో కనిపించదు, అంతే.

పద్ధతి చెడితే ఆ 95కూ విలువ లేదు. "చీటీలెందుకు బాబూ, పై వరసలోవి తీసుకోండి" అన్నాడు వ్యాపారి మొదట్లోనే. పెద్ద పళ్లన్నీ పైనే పేర్చి ఉన్నాయి. అవే తూచివుంటే తేడాలు తగ్గి, అంతరం ఇంకా ఇరుగ్గా, ముచ్చటగా వచ్చేది. రింగు మాత్రం కర్ర లేనిచోట పడేది.