‘తర్వాత’ బటన్ మీదికే వేలు ఎందుకు వెళ్తుంది?

2009లో స్టెఫాన్ ఫ్రై, థామస్ డ్యూబెన్‌డార్ఫర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక లెక్క తీశారు. బ్రౌజర్‌కు కొత్త వెర్షన్ విడుదలైతే, మూడు వారాలు గడిచేసరికి ఎంతమంది దానికి మారుతున్నారు? గూగుల్ క్రోమ్ వాడేవాళ్లలో 97 శాతం మారారు. ఫైర్‌ఫాక్స్‌లో 85 శాతం. ఒపేరాలో మాత్రం 24 శాతమే.

ఒపేరా వాడేవాళ్లు బద్ధకస్తులేమీ కాదు. తేడా అంతా అప్‌డేట్ చేరే తీరులో ఉంది. క్రోమ్ ఎవరినీ ఏమీ అడగదు. వెనకాల తనే వెతుక్కుని, తనే దించుకుని, బ్రౌజర్ మళ్లీ తెరిచినప్పుడు కొత్తదై కనిపిస్తుంది. ఫైర్‌ఫాక్స్ తనే దించుకున్నా, రీస్టార్ట్ చేయమంటారా అని అడిగేది. ఆనాటి ఒపేరాలోనైతే వాడేవాళ్లే ఫైలు దించుకుని, మొదటిసారి ఎక్కించుకున్నట్టే మళ్లీ ఎక్కించుకోవాలి. మనిషి చేయాల్సిన పని పెరిగేకొద్దీ అప్‌డేట్ అయ్యేవాళ్ల సంఖ్య పడిపోయింది.

అయితే అన్నిచోట్లా అడగకుండా కుదరదు. అడిగేటప్పుడు ఏ క్షణంలో అడిగారన్నదే చాలావరకు జవాబును తేల్చేస్తుంది. అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు క్రోమ్ బృందంతో కలిసి 2016లో వెల్లడించిన ప్రయోగం దీన్ని స్పష్టంగా చూపించింది. కంప్యూటర్‌పై ఏదో ఒక పని చేస్తున్నవాళ్ల ముందుకు భద్రతా సందేశం పంపారు. వీడియో చూస్తుండగా వస్తే 79 శాతం మంది పట్టించుకోలేదు. కిటికీ మూసేసి వెళ్లిపోబోతుండగా వస్తే 74 శాతం. ఒకచోట చూసిన కోడ్‌ను మరోచోట నింపుతున్నప్పుడు వస్తే ఏకంగా 87 శాతం. మన మెదడు రెండు పనుల్ని ఒకేసారి సరిగ్గా మోయలేదు. చేతిలో ఉన్న పనిని కాపాడుకోవడానికి అడ్డొచ్చినదాన్ని తోసేస్తుంది. అదే సందేశం వీడియో అయిపోయాకో, పేజీ తెరుచుకోవడం కోసం ఎదురుచూస్తున్నప్పుడో వస్తే చదివేవాళ్లు బాగా పెరిగారు.

ఆ బృందమే అంతకు ముందు ఏడాది మెదడు స్కానింగ్‌తో మరో సంగతి బయటపెట్టింది. ఒకే హెచ్చరికను రెండోసారి చూపించగానే, దృశ్యాన్ని గ్రహించే భాగాల్లో స్పందన గణనీయంగా తగ్గిపోయింది. కళ్లు తెరపైనే ఉన్నాయి, మెదడు మాత్రం పాతదేలే అని వదిలేసింది. హెచ్చరిక రంగూ రూపూ మారుస్తూ పోతే ఈ తగ్గుదల నెమ్మదించింది. ప్రతిసారీ అదే బూడిదరంగు డబ్బాలో, అదే మూలన, ‘బగ్ పరిష్కారాలు, పనితీరు మెరుగుదలలు’ అని పొడిగా రాసి చూపే కంపెనీలు ఈ ఫలితాన్ని గమనించాలి. ఏ ప్రమాదం తొలగుతుందో, ఎంతసేపు పడుతుందో చెప్పని సందేశానికి ‘తర్వాత’ అన్నదే సహజమైన జవాబు.

అంతకంటే చెడ్డ తప్పు నమ్మకాన్ని పోగొట్టుకోవడం. 2016లో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు మారమంటూ చూపిన కిటికీలో, మూలనున్న ఎర్ర ఇంటూ గుర్తు నొక్కితే కిటికీ మూసుకునేది. కానీ అప్పటికే ఖరారు చేసిన సమయానికి కంప్యూటర్ మారిపోయేది. ‘వద్దు’ అనే అర్థంలో ఏళ్లుగా నొక్కిన గుర్తు అక్కడ ‘సరే’ అయింది. విమర్శలు రావడంతో సంస్థ ఆ పద్ధతి మార్చుకుంది, హద్దు దాటామని దాని ఉన్నతాధికారి ఒకరు ఆ తర్వాత ఒప్పుకున్నారు. ఇలాంటి అనుభవం ఒక్క అప్‌డేట్‌తో ఆగదు. 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో పరిశోధకులు 37 మంది విండోస్ వాడకందార్లను ఇంటర్వ్యూ చేశారు. ఒక అప్‌డేట్ వల్ల రూపం మారిపోయిందనో, పని చెడిందనో బాధపడ్డవాళ్లు, ఆ తర్వాత భద్రతకు సంబంధించిన వాటిని కూడా దూరం పెట్టారని అందులో తేలింది.

ఇలా అప్‌డేట్లను దూరం పెట్టడానికి చెల్లించే ఖరీదు చిన్నది కాదు. వన్నాక్రై వైరస్ 2017 మే 12న ప్రపంచాన్ని చుట్టేసింది. అది దూరిన లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే మరమ్మతు విడుదల చేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కూడా కొన్ని కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. పెద్ద కార్యాలయాల్లో జాప్యానికి అలవాటొక్కటే కారణం కాదన్నది నిజం. పాత యంత్రాలు, వాటితో ముడిపడ్డ సాఫ్ట్‌వేర్ చెడిపోతాయన్న భయమూ ఉంటుంది.

అడగకుండా ఎక్కించడానికీ ఒక హద్దుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను స్తంభింపజేసింది. అందుకే నిశ్శబ్దంగా ఎక్కించే అప్‌డేట్‌ను ముందు కొద్దిమందికి పంపి, బాగుందని తేలాక మిగతావాళ్లకు విడుదల చేయాలి.

మీ ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆన్‌లో ఉన్నాయో లేదో ఈరోజే చూసుకోండి. విండోస్‌లో ‘యాక్టివ్ అవర్స్’ అనే చోట మీ పనివేళలు నింపితే, ఆ సమయంలో అది తనంతట తాను రీస్టార్ట్ కాదు.